గీజర్ వేస్తే ట్రిప్పర్ పడుతోంది: విజయవాడ ఇంట్లో ఒక రిపేరు డైరీ

ఇల్లు సత్యనారాయణపురంలో, పాతది. గీజర్ 15 లీటర్లు, 2000 వాట్లు, గోడకు నిలువుగా బిగించింది. మా ఊళ్లో గీజర్‌తో పని కార్తీకం నుంచి సంక్రాంతి దాకానే, మిగతా ఏడాదంతా అది ఊరికే గోడకు వేలాడుతుంది. ఈసారి చలి మొదలవగానే స్విచ్ వేస్తే ఇల్లంతా చీకటి. ఫ్యాను, ఫ్రిజ్, లైట్లు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. స్విచ్ తీసి ట్రిప్పర్ పైకి ఎత్తితే నిలబడుతుంది, మళ్లీ వేస్తే మళ్లీ పడుతుంది.

ఇంటి లైన్లన్నీ విడిపోయే డీబీ బాక్సులో ఉన్నవి: మొదట ఇల్లంతటికీ ఒకటే అయిన, ఎర్త్ లీకేజీకి పడే వెడల్పాటి రెండు పోళ్ల ఆర్‌సీసీబీ (40 ఆంపియర్లు, 30 మిల్లీఆంపియర్లు), దాని పక్కన ఒక్కో లైనును విడిగా కాపాడే ఎమ్‌సీబీలు, లైట్లకు 6 ఆంపియర్లవి, పవర్ పాయింట్లకు, గీజర్‌కు 16 ఆంపియర్లవి. గీజర్ లైన్ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ.

మొదటి దశ: వచ్చిన ఎలక్ట్రీషియన్ చేసిన పని

మా వీధికి ఎప్పుడూ వచ్చే అబ్బాయే వచ్చాడు. స్విచ్ వేశాడు, పడింది. "సార్, గీజర్ లోడు ఎక్కువ, ఎమ్‌సీబీ ఆగట్లేదు" అని 16 తీసి 32 ఆంపియర్లది పెట్టాడు. స్విచ్ వేస్తే మళ్లీ పడింది.

పడకుండా ఎలా ఉంటుంది? అతను మార్చినది గీజర్ ఎమ్‌సీబీ. కానీ మొదటి నుంచీ పడుతున్నది దాని పక్కన ఉన్న వెడల్పాటి ఆర్‌సీసీబీ. గీజర్ ఎమ్‌సీబీ నాబ్ ఒక్కసారి కూడా కదల్లేదు. ఇల్లంతా ఒకేసారి చీకటి కావడమే దానికి గుర్తు. ఎమ్‌సీబీ పడితే ఆ ఒక్క లైనే పోవాలి.

ఇలాంటి తంటా వస్తే స్క్రూడ్రైవర్ పట్టే ముందు చూడాల్సినవి ఇవి:

1. పడింది ఏది? సన్నటి ఎమ్‌సీబీయా, 'టీ' అనే టెస్ట్ బటన్ ఉన్న వెడల్పాటిదా?
2. ఎంతసేపటికి పడింది? స్విచ్ నొక్కిన క్షణమా, పది ఇరవై నిమిషాలకా?
3. పడేటప్పుడు గట్టిగా టప్‌మన్న చప్పుడు, మెరుపు, కాలిన వాసన ఉన్నాయా, లేక మామూలుగా టిక్ అని దిగిందా?

ఓవర్‌లోడ్, షార్ట్, ఎర్త్ లీకేజీ అనే మూడు జబ్బులూ ఈ మూడు ప్రశ్నలతోనే చాలావరకు విడిపోతాయి. ఓవర్‌లోడ్ అంటే తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పోవడం. ఎమ్‌సీబీ లోపల రెండు లోహాలు అతికించిన ఒక పట్టీ ఉంటుంది, అది వేడెక్కి వంగితేనే నాబ్ దిగుతుంది. అందుకే టైము పడుతుంది. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ 18 ఆంపియర్లను గంటసేపు మోయాలి, 23 ఆంపియర్లు దాటితే గంటలోపు పడాలి. ఇది ప్రమాణంలో ఉన్న లెక్క. కాస్త ఎక్కువ లోడుకు క్షణంలో పడిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

షార్ట్ అంటే ఫేజూ న్యూట్రలూ నేరుగా కలవడం. వందల ఆంపియర్లు పరుగెడతాయి. ఆ పట్టీ వంగేదాకా ఆగకుండా పక్కనున్న అయస్కాంతపు చుట్ట లాగేస్తుంది. సీ రకం ఎమ్‌సీబీకి ఆ హద్దు రేటింగ్‌కు 5 నుంచి 10 రెట్లు, అంటే 16 ఆంపియర్లదానికి 80 నుంచి 160 ఆంపియర్ల మధ్య. కన్నుమూసి తెరిచేలోపు, చప్పుడుతో.

ఎర్త్ లీకేజీలో కరెంటు ఎక్కువేమీ కాదు. ఫేజులో వెళ్లినదంతా న్యూట్రల్‌లో తిరిగి రాకుండా కొంత ఎర్త్ వైపు జారిపోతుంది. ఆర్‌సీసీబీ చూసేది ఈ తేడానే. 30 మిల్లీఆంపియర్లదైతే 15 దాకా పడకూడదు, 30 దగ్గర తప్పకుండా పడాలి, అదీ సెకనులో మూడోవంతులోపే. ఆ మధ్యలో ఎక్కడ పడుతుందో ఒక్కో ముక్కది ఒక్కో తీరు. ఒట్టి ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడ్ గానీ షార్ట్ గానీ పట్టదు. అయితే రెండు పనులూ ఒకటే చేసే ఆర్‌సీబీఓ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. లేబుల్ మీద ఆంపియర్ల అంకె ముందు సీ అనో బీ అనో అక్షరం ఉంటే అది ఆర్‌సీబీఓ. మాదానిమీద అక్షరం లేదు.

అంటే మాది ఎర్త్ లీకేజీ. ఇక్కడికి సగం తేలింది. 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ మాత్రం ఇప్పుడు కొత్త ప్రమాదం. గొట్టంలో ఉన్న 2.5 తీగ మోసేది సుమారు 20 ఆంపియర్లు. 32ది తప్పకుండా పడాలంటే 46 ఆంపియర్లు దాటాలి. అంటే తీగ కాలుతున్నా ఎమ్‌సీబీ చూస్తూ కూర్చుంటుంది.

ఖర్చు ఇప్పటివరకు: విజిట్ 300, ఎమ్‌సీబీ 250. మొత్తం 550 రూపాయలు.

రెండో దశ: అందరినీ తికమక పెట్టిన వంటింటి సాకెట్

ఆ అబ్బాయే వెళ్లే ముందు ఒక పని చేశాడు. గీజర్ ప్లగ్గు తీసి, లావు వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుతో వంటింట్లోని 16 ఆంపియర్ల సాకెట్‌కు కలిపాడు. స్విచ్ వేశాడు. గీజర్ ఎర్ర లైటు వెలిగింది, ట్రిప్పర్ నిలబడింది! "చూశారా సార్, గీజర్ బానే ఉంది. మీ బాత్రూమ్ లైన్లో ఎర్త్ కలుస్తోంది. గోడ కొట్టి వైరు మార్చాలి" అన్నాడు.

అంతలోనే ఆ స్విచ్ ఆఫ్ చేశాడు. ఆఫ్ చేయగానే ఇల్లంతా మళ్లీ చీకటి. "ఏదో కాకతాళీయం" అన్నాడు. నాకు అది కాకతాళీయంలా అనిపించలేదు. వేస్తే పడే గీజర్‌ను చూశాం. ఆపితే పడే గీజర్ ఏమిటి?

గోడ పని ఆపేసి, బాత్రూమ్ లైన్‌ను విడిగా పరీక్షించాను:

1. గీజర్ ప్లగ్గు తీసి పక్కన పెట్టి, బాత్రూమ్ సాకెట్‌లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టి వేశాను. పడలేదు.
2. ఇస్త్రీపెట్టె తీసి, ఏమీ లేకుండా స్విచ్ మాత్రం వేసి ఉంచాను. పడలేదు.
3. గీజర్ ప్లగ్గు పెట్టి, స్విచ్ ఆఫ్‌లోనే ఉంచాను. పడలేదు.
4. స్విచ్ వేశాను. పడింది.

ఎర్త్‌కు జారే వైరు గోడలో ఉంటే రెండో మెట్టులోనే పడాలి. పడలేదు కాబట్టి లైన్ మీద అనుమానం తీరింది. గోడ కొట్టే పని తప్పింది.

ఇక వంటింటి సాకెట్. మల్టీమీటర్ ఏసీ 600 వోల్టుల దగ్గర పెట్టి రెండు సాకెట్లూ కొలిచాను. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే ఎర్త్ రంధ్రం పైన, ఫేజు కుడి పక్కన ఉండాలి.

బాత్రూమ్: కుడి నుంచి ఎర్త్‌కు 231 వోల్టులు, ఎడమ నుంచి ఎర్త్‌కు 2.

వంటిల్లు: కుడి నుంచి ఎర్త్‌కు 2, ఎడమ నుంచి ఎర్త్‌కు 230.

వంటింట్లో ఫేజూ న్యూట్రలూ తారుమారు. అదీ సాకెట్ వెనకాల మారింది కాదు, స్విచ్ కంటే ముందే ఎక్కడో మారింది. స్విచ్ ఆఫ్ చేసినా ఎడమ రంధ్రంలో 230 అలాగే ఉంది. అంటే ఆ స్విచ్ తెంపుతున్నది న్యూట్రల్‌ను. ఎప్పుడో ఇన్వర్టర్ పెట్టించినప్పుడు జరిగి ఉండాలి. మిక్సీకీ గ్రైండర్‌కీ అది తెలియదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు.

అయినా ఫేజు తారుమారైతే లీకేజీ ఎందుకు తగ్గాలి? సమాధానం కోసం గీజర్‌నే కొలవాల్సి వచ్చింది.

ఖర్చు: కొత్తగా ఏమీ లేదు. మొత్తం 550.

మూడో దశ: ప్లగ్గు దగ్గరి కొలతలు

ప్లగ్గు సాకెట్ నుంచి పూర్తిగా బయటికి తీసి, గీజర్‌లో నీళ్లు అలాగే ఉంచి కొలిచాను. గీజర్ నాబ్ ఎక్కువ వేడి వైపు తిప్పి ఉంచాలి, నీళ్లు చల్లగా ఉండాలి. లేకపోతే థర్మోస్టాట్ తెగి ఉండి కొలత రాదు.

ఫేజు పిన్ను నుంచి న్యూట్రల్ పిన్నుకు 26.9 ఓమ్‌లు. మీటరు తీగల సొంత అడ్డు 0.4 తీసేస్తే 26.5. 230 వోల్టులను దీంతో భాగిస్తే 8.7 ఆంపియర్లు. 2000 వాట్లకు రావలసిందే వచ్చింది. షార్ట్ అయితే ఇక్కడ ఒక ఓమ్ కంటే తక్కువ చూపించాలి. ఓవర్‌లోడ్ అవడానికి 8.7 అనేది 16కు దరిదాపుల్లో లేదు. మిగతా రెండు జబ్బులూ ఈ ఒక్క కొలతతో కొట్టేశాం.

ఫేజు పిన్ను నుంచి ఎర్త్ పిన్నుకు: 7.4 కిలోఓమ్‌లు, కాసేపటికి 7.9, ఇంకా మెల్లగా పైకి. మీటరు తీగలు అటుదిటు మారిస్తే 9.1 నుంచి మొదలై కిందికి. ఏ అంకె దగ్గరా నిలవదు. ఇలా పాకుతూ, తీగలు మారిస్తే వేరే అంకె చూపిస్తే అక్కడ తడి ఉందని అర్థం. లోహం లోహానికి తాకితే అంకె గట్టిగా నిలుస్తుంది. తడి మాత్రం చిన్న బ్యాటరీలా తన సొంత వోల్టేజీ కలుపుతుంది. లెక్క కోసం నేను 8 కిలోఓమ్‌లు తీసుకున్నాను.

మా పై వాటాలో ఉండే బాబాయ్ గారు కరెంటు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ ఉంది. ఫేజు, న్యూట్రల్ పిన్నులు రెండూ కలిపి కట్టి ఒక వైపు, ఎర్త్ పిన్ను ఇంకో వైపు పెట్టి తిప్పారు. ముల్లు దాదాపు సున్నా దగ్గరే ఉంది. "ఒక మెగాఓమ్ పైన ఉంటే బాగుందని లెక్క. ఇది వందో వంతు కూడా లేదురా అబ్బాయ్" అన్నారు.

ఇక్కడ సీరీస్ బల్బు గురించి ఒక మాట. చాలామంది ఎలక్ట్రీషియన్లు 100 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి చూస్తారు. ఈ పనికి అది రెండు వైపులా అబద్ధం చెబుతుంది. ఫేజు, న్యూట్రల్ మధ్య పెడితే గీజర్‌లో నీళ్లు కాచే ఎలిమెంటు బాగున్నా బల్బు నిండుగా వెలుగుతుంది. బల్బు అడ్డు 500 ఓమ్‌ల పైన, ఎలిమెంటుది 26, కాబట్టి షార్ట్‌కూ దీనికీ తేడా కనపడదు. గీజర్ బాడీకి పెట్టి చూస్తే 20, 25 మిల్లీఆంపియర్లకు ఆ బల్బు మినుకుమని కూడా అనదు. బల్బు వెలగలేదు కాబట్టి లీకేజీ లేదంటారు. పైగా ఆ పరీక్షలో గీజర్ బాడీకి కరెంటు పెడుతున్నారు. మామూలు క్లాంప్ మీటరు కూడా ఇక్కడ అక్కరకు రాదు. దాని చివరి అంకె 10 మిల్లీఆంపియర్లు. మెగ్గర్ దొరక్కపోతే ప్లగ్గు బయటికి తీసి మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవడమే మేలు, కాకపోతే కింద రాసిన హెచ్చరికతో.

ఖర్చు: మెగ్గర్ అరువు. మొత్తం 550.

నాలుగో దశ: విప్పదీత

1. డీబీలో గీజర్ ఎమ్‌సీబీ ఆఫ్, ప్లగ్గు బయటికి. రెండూ చేయాలి.
2. నీళ్లు వచ్చే వాల్వు కట్టి, వేడి నీళ్ల కుళాయి విప్పి ఉంచాలి. లేకపోతే గాలి దూరక నీళ్లు దిగవు.
3. కింద చల్లనీళ్ల పైపు విప్పి బకెట్లు పెట్టాలి. మామూలు బకెట్ ఒకటి చాలదు.
4. అడుగు మూత తీసి, తీగలకు గుర్తులు పెట్టి ఫోటో తీసుకోవాలి. థర్మోస్టాట్ కడ్డీ లాగితే వచ్చేస్తుంది.
5. ఎలిమెంటును ట్యాంకుకు పట్టి ఉంచే ఫ్లాంజి బోల్టులు ఎదురెదురువి కొంచెం కొంచెంగా విప్పాలి.

ఫ్లాంజితో పాటు ఎలిమెంటు బయటికి వచ్చింది, దానితో పాటు గిన్నెడు తెల్లటి సున్నం పెచ్చులు. మాకు బోరు నీళ్లు. కృష్ణ నీళ్లు వచ్చే వీధుల్లో ఇంత పేరుకోదు. ట్యాంకు తుప్పు పట్టకుండా ఉండే మెగ్నీషియం కడ్డీ మధ్యలో ఉన్న ఇనుప తీగ తప్ప ఏమీ మిగల్లేదు.

తుడిచి ఆరబెట్టి మల్టీమీటర్ పెట్టాను. ఎలిమెంటు నుంచి రాగి గొట్టానికి అంకె రాలేదు, అంటే అడ్డు అనంతం. లీకేజీ మాయం! విడి భాగాల కొట్టుకు పట్టుకెళ్లి మల్టీమీటర్‌తో చూపిస్తే "కాయిల్ బాగుంది, వేరే ఏదో చూసుకోండి" అనేది ఇందుకే. బాబాయ్ గారి మెగ్గర్‌తో పొడిగానే 0.3 మెగాఓమ్ వచ్చింది. స్టీలు గిన్నెలో కుళాయి నీళ్లు పోసి టర్మినళ్లు తడవకుండా ముంచి, గిన్నెకూ టర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే మళ్లీ ఎనిమిది తొమ్మిది కిలోఓమ్‌లు. పైన చెప్పిన హెచ్చరిక ఇదే: ఎలిమెంటును నీళ్లలో ఉన్నప్పుడు కొలవాలి. ఎండినదాన్ని మల్టీమీటర్‌తో కొలిచి తీర్పు చెప్పకూడదు. మల్టీమీటర్ పెట్టేది కొన్ని వోల్టులు మాత్రమే, మెగ్గర్ పెట్టేది 500.

పగులు ఎక్కడుందో చూడ్డానికి గొట్టాన్ని వెనిగర్‌లో నానబెట్టి సున్నం కరిగించాను. ఫ్లాంజికి కొంచెం కింద, వెంట్రుక మందాన చిన్న గీత. దాని చుట్టూ ఆకుపచ్చ మరక. ఎలిమెంటు గొట్టం లోపల వేడి తీగ చుట్టూ తెల్లటి పొడి, మెగ్నీషియం ఆక్సైడ్, గట్టిగా నింపి ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం అది మంచి ఇన్సులేటర్, కానీ తేమను పీల్చుకునే గుణం ఎక్కువ. ఏడాదిలో పది నెలలు వాడకుండా నీళ్లలో నానితే ఆ గీతలోంచి తడి లోపలికి పోయింది. వాడుతూ ఉంటే వేడికి కొంతైనా ఆరేది.

ఇక తికమక విడిపోయింది. ఎలిమెంటు గొట్టం మొత్తం పొడవు సుమారు 80 సెంటీమీటర్లు, పగులు ఫేజు టర్మినల్ నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో. ఎలిమెంటు తీగ పొడవునా వోల్టేజీ 230 నుంచి సున్నా దాకా మెల్లగా దిగుతూ వస్తుంది. ఎనిమిదో వంతు దూరంలో ఉన్న పగులు దగ్గర ఎంత ఉంటుందో చూడండి:

బాత్రూమ్ సాకెట్‌లో, స్విచ్ వేస్తే: పగులు దగ్గర 201 వోల్టులు. 201ని 8000తో భాగిస్తే 25 మిల్లీఆంపియర్లు. పడుతుంది.

వంటింటి సాకెట్‌లో, స్విచ్ వేస్తే: ఫేజు రెండో చివర నుంచి వస్తోంది. పగులు దగ్గర 29 వోల్టులే. 3.6 మిల్లీఆంపియర్లు. పడదు.

వంటింటి సాకెట్‌లో, స్విచ్ ఆపితే: తెగింది న్యూట్రల్. కరెంటు పారదు, కాబట్టి వోల్టేజీ ఎక్కడా దిగదు. ఎలిమెంటు మొత్తం 230 మీద కూర్చుంటుంది. 29 మిల్లీఆంపియర్లు. పడుతుంది.

ఆ అబ్బాయి కాకతాళీయం అన్నది ఈ మూడో లెక్క. స్విచ్ ఆపకపోయినా, నీళ్లు కాగి థర్మోస్టాట్ తెగినప్పుడు కూడా ఇలాగే పడి ఉండేది. ఇదొక మొండి నిజం: ఇంకో సాకెట్‌లో పనిచేసిందంటే వస్తువు బాగున్నట్టు కాదు. పోనీ, రెండు తీగలూ తారుమారు చేస్తే స్విచ్ వేయగానే పడడం ఆగుతుంది కదా అని కొందరు అలాగే వదిలేస్తారు. పగులు అలాగే ఉంటుంది, నీళ్లు కాగి థర్మోస్టాట్ తెగగానే ఎలిమెంటు మొత్తం 230 మీద కూర్చుంటుంది.

అంతకంటే పాడు సలహా ఇంకొకటి విన్నాను: గీజర్ ప్లగ్గులో ఎర్త్ వైరు పీకేయమని. నిజంగానే ట్రిప్పింగ్ ఆగుతుంది. నీటి పైపులు సీపీవీసీ ప్లాస్టిక్‌వి, వాటి గుండా కూడా ఎర్త్‌కు దారి ఉండదు. అప్పుడు లీకేజీకి మిగిలిన దారి స్నానం చేసే మనిషి. తడి ఒంటి అడ్డు సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే, 201ని 9000తో భాగిస్తే 22 మిల్లీఆంపియర్లు. 10 దాటితేనే పట్టుకున్న చెయ్యి వదలడం కష్టం. 15కూ 30కీ మధ్య ఉన్న ఈ అంకెకు ఆర్‌సీసీబీ పడొచ్చు, పడకపోవచ్చు.

ఐదో దశ: కొత్త ఎలిమెంటు

వన్‌టౌన్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో పాత ఎలిమెంటు చూపించి అదే కొలతది తెచ్చాను. ఫ్లాంజి రంధ్రాల దూరం, గొట్టం పొడవు, వాట్లు మూడూ కలవాలి. వాట్లు ఎక్కువది పెట్టిస్తే తొందరగా కాగుతుందని కొట్టతను ఆశపెట్టాడు. 3000 వాట్లంటే 13 ఆంపియర్లు, మా థర్మోస్టాట్ మీద ఉన్న రేటింగ్ చూడకుండా అది చేయకూడదు. వద్దన్నాను.

బిగించే ముందు మెగ్గర్‌తో కొత్తది కొలిస్తే ముల్లు చివరిదాకా, 200 మెగాఓమ్‌ల పైకి పోయింది. కొత్త గాస్కెట్, కొత్త మెగ్నీషియం కడ్డీ వేసి, బోల్టులు ఎదురెదురుగా బిగించి, నీళ్లు నింపాను. కుళాయిలోంచి గాలి పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా ప్లగ్గు పెట్టలేదు. నీళ్లు లేకుండా వేస్తే కొత్త ఎలిమెంటు అక్కడికక్కడే పోతుంది. ఫ్లాంజి కింద కాగితం రుమాలు పెట్టి ఒక రాత్రి ఉంచాను, పొడిగానే ఉంది. ఇది చిన్న పనే గానీ వదలకండి. గాస్కెట్ లోంచి ఒక్క చుక్క థర్మోస్టాట్ టర్మినల్ మీద పడితే మళ్లీ ఇదే లీకేజీ, మళ్లీ ఇదే వెతుకులాట.

తెల్లారి నీళ్లతో పాటు మెగ్గర్: 60 మెగాఓమ్‌లు. స్విచ్ వేశాం. ఆర్‌సీసీబీ నిలబడింది. క్లాంప్ మీటరు ఫేజు తీగ ఒక్కదానికే తగిలిస్తే 8.6 ఆంపియర్లు.

ఖర్చు: ఎలిమెంటు 600, గాస్కెట్ 60, కడ్డీ 250. మొత్తం 1460 రూపాయలు.

ఆరో దశ: ఈసారి పడింది ఎమ్‌సీబీ

32 ఆంపియర్ల ఎమ్‌సీబీ తీసేసి పాత 16దే తిరిగి పెట్టాలి. మీటరు దగ్గరి మెయిన్ ఆపి, బాబాయ్ గారు పక్కన నిలబడి ఉండగా మార్చాం. గీజర్ వేశాం. పావుగంటలోపే గీజర్ ఆగిపోయింది. లైట్లు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. బాక్సు తెరిస్తే ఆర్‌సీసీబీ పైనే ఉంది, గీజర్ ఎమ్‌సీబీ దిగి ఉంది.

మొదటి దశలో రాసుకున్న మూడు ప్రశ్నలు ఇక్కడ కూడా వేసుకున్నాం. పడింది ఎమ్‌సీబీ. టైము తీసుకుని పడింది. చప్పుడు లేదు. అంటే లోపలి పట్టీ వేడెక్కి పడింది. చూడ్డానికి ఓవర్‌లోడ్. కానీ క్లాంప్ 8.6 అంటోంది, అది 16లో సగం.

లోడు ఎక్కువ కాకుండానే పట్టీ అంత వేడెక్కాలంటే వేడి బయటి నుంచి రావాలి. ఎమ్‌సీబీ ముఖం మీద వేలు పెడితే పక్కవి మామూలుగా ఉన్నాయి, ఇది మాత్రం వేలు ఉంచలేనంత వేడి. మెయిన్ ఆపి తీగ చివర బయటికి లాగాం. మొదటి రోజు 32ది పెట్టినప్పుడు తీగ మీది తొడుగు చాలినంత తీయలేదు. స్క్రూ రాగిని కాకుండా సగం తొడుగును నొక్కి పట్టుకుంది. రాగి పోగులు కొన్నే తగులుతున్నాయి, అవీ నల్లబడ్డాయి. అదే చివరను మేం 16దానిలో దూర్చాం.

నల్లబడిన ముక్క కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా తొడుగు తీసి, స్క్రూ గట్టిగా బిగించి, తీగ లాగి చూశాం. కదల్లేదు. ప్లగ్గు టాప్ విప్పి చూస్తే అక్కడ కూడా ఒక పిన్ను గోధుమ రంగుకు తిరిగి ఉంది, కొత్తది వేశాను. మళ్లీ గీజర్ వేసి థర్మోస్టాట్ తెగేదాకా ఉంచాం. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి రావడానికి 2000 వాట్లకు లెక్క ప్రకారం 18 నిమిషాలు పడుతుంది. మాకు కొంచెం ఎక్కువే పట్టింది. ఎమ్‌సీబీ పడలేదు, వేలు పెడితే గోరువెచ్చగా ఉంది.

32ది ఉంటే ఈ వేడి బయటపడేది కాదు. దాని పట్టీ ఇంతకు వంగదు. టర్మినల్ కాలి, బాక్సు ప్లాస్టిక్ కరిగినప్పుడే తెలిసేది.

ఖర్చు: ప్లగ్గు టాప్ 120. మొత్తం 1580 రూపాయలు.

ఏడో దశ: వంటింటి తారుమారు

ఇది నేను ముట్టుకోలేదు. ఇన్వర్టర్ లైనుతో కలిసిన చోట ఏ తీగ ఎటు పోతోందో తెలియకుండా విప్పితే ఇంకో కొత్త తంటా. లైసెన్సు ఉన్న ఇంకొక ఎలక్ట్రీషియన్ వచ్చి జంక్షన్ బాక్సులో తారుమారైన రెండు తీగలు పట్టుకున్నాడు. పని అయ్యాక ఇంట్లో ప్రతి సాకెట్‌నూ కుడి, ఎడమ రెండూ ఎర్త్‌కు కొలిచి కాగితం మీద రాసి డీబీ తలుపు లోపల అతికించాం. ఎర్తింగ్ గొయ్యిలో కూడా నీళ్లు పోయించాం. మా పెరట్లో ఎండలకు అది బీటలు వారిపోతుంది, ఎర్తింగ్ ఎండిపోతే ప్లగ్గులో మూడో పిన్ను ఉన్నా లేనట్టే.

ఖర్చు: 400. మొత్తం 1980 రూపాయలు. ఇందులో 32 ఆంపియర్ల ఎమ్‌సీబీకి పోయిన 250 ఉత్త దండగ.

మిగిలిన పనులు

1. ఆర్‌సీసీబీ 'టీ' బటన్ నెలకొకసారి నొక్కడం. ఆ బటన్ ఆర్‌సీసీబీ పనిచేస్తుందో లేదో చెబుతుంది, ఎర్తింగ్ బాగుందో లేదో చెప్పదు.
2. వేసవిలో కూడా నెలకు ఒకసారి గీజర్‌ను పూర్తిగా కాగనివ్వడం, ఎలిమెంటులో తేమ నిలవకుండా.
3. వచ్చే కార్తీకానికి ముందు, నీళ్లతోనే మళ్లీ మెగ్గర్ పెట్టి 60 ఎంతకు దిగిందో చూడడం. 2 దాకా దిగినా ఆర్‌సీసీబీ పడదు గానీ, ఎలిమెంటు వెతుక్కోవడం అప్పుడే మొదలుపెడతాను.
4. మెగ్నీషియం కడ్డీ ఏడాదికొకసారి విప్పి చూడడం. బోరు నీళ్లకు అది ఎంతకాలం వస్తుందో ఇంకా కొలత లేదు.